అప్‌డేట్: బొటనవేలి వాపు గౌటే, మొదటి రక్తపరీక్షలో మాత్రం తేలలేదు

నా పాత ప్రశ్న: "మాది పర్లాకిమిడి. రాత్రి బాగానే పడుకున్నాను, తెల్లారేసరికి కాలి బొటనవేలి మొదలు వాచి, ఎర్రబడి, ఒకటే పోటు. మొన్న గడప తగిలింది. దెబ్బా, గౌటా? యూరిక్ యాసిడ్ 6.1 వచ్చింది, నార్మలే అన్నారు."

గౌటే, అంటే యూరిక్ యాసిడ్ ఎక్కువై, దాని స్ఫటికాలు కీలులో పేరుకుని వచ్చే వాపు. గడప దెబ్బయితే నొప్పి తగిలిన వెంటనే మొదలై, చర్మం కమిలి ఉండేదని డాక్టర్ గారు అన్నారు. నాకు దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు లేదు. జ్వరం, వణుకు ఉన్నాయా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఉంటే కీలులో చీము పట్టిందేమో ఆ రోజే చూడాలట.

మరి 6.1 ఎందుకొచ్చింది? వాపు ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ తగ్గి కనిపించవచ్చట. పోటు పూర్తిగా తగ్గి, రెండు వారాలు దాటాక మళ్లీ చేయిస్తే 8.7 ఉంది. ఖాయంగా తేలాలంటే కీలులోంచి నీరు తీసి సూదుల్లాంటి స్ఫటికాలు చూడాలి. నాకు ఆ అవసరం పడలేదు.

ఇంట్లో అందరూ పప్పు, టమాటా మానేయమన్నారు. డాక్టర్ గారు తప్పుపట్టింది మాత్రం పెళ్లిలో తిన్న మేక కార్జాన్ని, ఎండు నెత్తళ్లను, బీరును. వాటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది నా బీపీ మాత్ర. అందులో ఒంట్లో నీరు తీసే హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది, అదీ యూరిక్ యాసిడ్ పెంచుతుందట. ఆయనే మార్చారు, సొంతంగా ఆపేస్తే బీపీ పెరుగుతుంది.

గౌట్ పోటు తగ్గించే కొల్చిసిన్ మాత్ర ఇచ్చే ముందు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశారు. కిడ్నీ బాగోలేకపోతే ఆ మోతాదు వేరు.