15 వేల స్టైపెండ్‌తో హైదరాబాద్‌లో ఆరు నెలలు: అమీర్‌పేటా, గచ్చిబౌలా?

పాలకొల్లు_పిల్ల:
జూన్ 1 నుంచి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. నెలకి 15 వేలు ఇస్తారంట. గచ్చిబౌలిలో త్రీ షేరింగ్ హాస్టల్ తిండితో 8,500, అమీర్‌పేటలో ఫోర్ షేరింగ్ 6,000 చెప్పారు. ఏది తీసుకోవాలి? నాన్నని డబ్బులు అడక్కుండా గడుస్తుందా?

సత్తిబాబు:
అమీర్‌పేట, ఆలోచించకు. రెండున్నర వేలు మిగులుతాయి. పైగా ఆడపిల్లవి, తెలంగాణలో బస్సు ఫ్రీ కదా, ఇంకేం ఖర్చు.

లెక్కల_మాస్టారు:
సత్తిబాబు గారూ, బస్సు ఫ్రీ తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే. ఈ అమ్మాయి ఆధార్ పాలకొల్లుది, జీరో టికెట్ కొట్టరు. పాస్ తీసుకుంటే ఆర్డినరీ 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,600, 2025 జూన్‌లో పెంచిన రేట్లు ఇవి. మెట్రో రైల్లో పోతే రాయదుర్గం దాకానే, అక్కణ్నుంచి మళ్ళీ షేర్ ఆటో ఎక్కాలి. రెండూ కలిపి ఒక వైపు 65 అనుకుందాం. రోజుకి 130, నెలకి 22 రోజులు, 2,860 అయ్యింది. హాస్టల్ 6,000కి ఇది కలిపితే 8,860. గచ్చిబౌలి హాస్టల్ కన్నా 360 ఎక్కువ. అక్కణ్నుంచి కూడా ఆఫీసుకి ఆటో ఖర్చు ఉంటుంది, కాదనను, కానీ షేర్ ఆటోలో 15, 20తో పోతుంది.

సత్తిబాబు:
ఆధార్ అడ్రస్ మార్చుకుంటే సరి.

కొండాపూర్_కుర్రాడు:
మార్చుకుంటే ఆంధ్రాలో స్త్రీ శక్తి పోతుంది, ఇంటికెళ్ళినప్పుడు అక్కడ టికెట్ కొనుక్కోవాలి 😂 ఇంట్లో రైస్ కార్డు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే ఆరు నెలల కోసం ఆధార్‌ని అస్సలు కదపొద్దు చెల్లీ.

హాస్టల్_బాధితుడు:
అందరూ అద్దె మాట్లాడతారు, తిండి ఎవడూ మాట్లాడడు. "విత్ ఫుడ్" అని బోర్డు పెడతారు కదా, టిఫిన్ ఎన్నింటికి పెడతారో అడిగారా? నేనున్న హాస్టల్లో ఎనిమిదికి గానీ ఇడ్లీ దిగేది కాదు, మధ్యాహ్నం బాక్సుకి అన్నం ఎనిమిదిన్నరకి. నేను ఏడున్నరకే బయల్దేరేవాణ్ని. డబ్బు కట్టేది తిండికీ కలిపి, తినేది రాత్రి ఒక్కపూటే. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ పెట్టి రాత్రి వంటవాడికి సెలవు అనేవాళ్ళు. ఓనర్ని అడిగితే "ఇష్టమైతే ఉండు" అన్నాడు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో వెయ్యి మెయింటెనెన్స్ అని పట్టుకున్నాడు, నెల ముందు చెప్పలేదని మిగతాది కూడా ఇవ్వలేదు.

సత్తిబాబు:
అది మీ హాస్టల్ సంగతి. నేను అమీర్‌పేటలో నాలుగేళ్ళు ఉన్నాను, ఆరున్నరకే టిఫిన్ పెట్టేవాళ్ళు.

హాస్టల్_బాధితుడు:
ఏ హాస్టలో చెప్పండి, నేనిప్పుడే మారిపోతా.

లెక్కల_మాస్టారు:
మీ ఇద్దరూ ఇడ్లీ దగ్గర ఆగిపోయారు. బాధితుడి మాటలో విషయం ఉంది. దూరంగా ఉంటే పొద్దున్నే బయల్దేరాలి, పెట్టని టిఫిన్‌కీ అందని బాక్సుకీ బదులు బయట తినాలి, రోజుకి ఎంత లేదన్నా 100 పోతుంది. అది 6,000లో కనపడదు. కానీ అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. అమ్మా, స్టైపెండ్ ఏ తారీఖున పడుతుంది?

పాలకొల్లు_పిల్ల:
వచ్చే నెల 7న అన్నారండి. అంటే జూన్‌ది జూలై 7న.

లెక్కల_మాస్టారు:
అదీ సంగతి. గచ్చిబౌలి లెక్కే చూడు. చేరిన రోజే హాస్టల్ 8,500, అడ్వాన్సు 3,000 అనుకో. రైలు, బకెట్టు, దుప్పట్లు, బ్యాంకు పని, ఫోటోలు వగైరా 1,500. జూన్ నెలలో ఆటోలకీ, రీచార్జికీ, సబ్బులకీ, ఆదివారం రాత్రి తిండికీ 2,500. జూలై 1న రెండో నెల అద్దె మళ్ళీ 8,500, ఎందుకంటే హాస్టల్ వాళ్ళు చేరిన తారీఖు నుంచి తారీఖుకి లెక్క కడతారు. నీ చేతికి రూపాయి రాకముందే 24,000 పోయాయి. అమీర్‌పేట అయితే అద్దె రెండుసార్లకీ కలిపి 5,000 తగ్గుతుంది, ప్రయాణం, బయట తిండి దాన్ని ఇంచుమించు తినేస్తాయి. నెలవారీ లెక్క సరిపోయినా మొదటి 37 రోజులు సరిపోవు. ఇంకోటి, ఆఫర్ లెటర్‌లో జీతం అని ఉందా, ప్రొఫెషనల్ ఫీజు అని ఉందా? ఫీజు అయితే పదిశాతం టీడీఎస్ పట్టుకుంటారు, చేతికొచ్చేది 13,500. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాదు కాబట్టి తిరిగొస్తుంది, కానీ వచ్చే ఏడాది రిటర్న్ వేశాకే.

పాలకొల్లు_పిల్ల:
కన్సల్టెన్సీ ఫీజు అని రాసుందండి. పాన్ ఉంది.

కొండాపూర్_కుర్రాడు:
అయితే 13,500 లెక్కేస్కో. 8,500 హాస్టల్ పోతే 5,000. ఆటో, రీచార్జి, మందులు, ఎవరో ఒకళ్ళ బర్త్‌డే. నెలకి వెయ్యి మిగిల్తే గొప్ప.

సత్తిబాబు:
అందుకే చెప్పాను తక్కువ అద్దె చూసుకోమని. ఎనిమిదిన్నర వేలు పెట్టి హాస్టలేంటి ఇంటర్న్‌కి? మేం ఆరుగురం ఒక గదిలో ఉన్నాం. ఇప్పటి పిల్లలు కష్టం తెలీకుండా పెరుగుతున్నారు.

పద్మ_భీమవరం:
కష్టం తెలీదా? ఆ అమ్మాయి నాన్నని అడక్కుండా గడుస్తుందా అని మొదట్లోనే అడిగింది, మీకు ఎవరికీ కనపళ్ళేదు. మా అమ్మాయి కూడా ఇలాగే పోయింది, మొదటి రెండు నెలలు మేమే పంపాం. సిగ్గేం లేదు. పిల్లకి ఇవ్వకపోతే ఎవరికిస్తాం? అమ్మా, నాన్నగారిని అడుగు.

సత్తిబాబు:
మీకు ఉంది కాబట్టి పంపారండీ. మా నాన్న కౌలు రైతు. నేను ఒక్క రూపాయి అడగలేదు. అడిగితే ఎక్కణ్నుంచి తెస్తాడు, వడ్డీకి తెస్తాడు. ఆరుగురం ఉన్నది సరదాకి కాదు. అడ్వాన్సు కట్టలేక మా వాడొకడు మంచి ఆఫర్ వదిలేసుకుని వెళ్ళిపోయాడు, ఇప్పుడు ఊళ్ళో ఎరువుల కొట్టులో ఉన్నాడు. "నాన్నని అడుగు" అనడం చాలా సులువు.

పద్మ_భీమవరం:
అంత కోపమెందుకండీ. నేను అలా అనలేదు.

లెక్కల_మాస్టారు:
సత్తిబాబు గారూ, ఇది మొదటే చెప్పుంటే అమీర్‌పేట గొడవ ఉండేది కాదు. మీరు అద్దె తగ్గించమంటున్నది అడ్వాన్సు తగ్గడానికి. ఒప్పుకుంటా. కానీ కంపెనీని అడగడానికి ఎందుకు భయం? జూన్ స్టైపెండ్‌లో సగం ముందివ్వమని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టొచ్చు. కాదంటే కాదంటారు, ఆఫరేం పోదు.

సత్తిబాబు:
ఇంటర్న్‌కి అడ్వాన్సా, ఇస్తారు ఇస్తారు. 15 వేలకి పొద్దున్నించి రాత్రిదాకా పని చేయించుకునేవాళ్ళు, ఆ 24 వేలు వాళ్ళవి కాదు, మా నాన్నలవి. ఆ మాట ఒక్కరూ అనరు.

పాలకొల్లు_పిల్ల:
సత్తిబాబు అన్నయ్యా, మా నాన్న కూడా కౌలేనండి. దాళ్వా ధాన్యం డబ్బులు ఇంకా పూర్తిగా పడలేదు, పడ్డా జూన్‌లో సార్వా పెట్టుబడి ఉంటుంది. అందుకే అడగలేక ఇక్కడ అడిగాను. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను ఇప్పుడే. గచ్చిబౌలి హాస్టల్ ఆంటీకి ఫోన్ చేస్తే అడ్వాన్సు 2,000కి ఒప్పుకుంది, రెండో నెల అద్దె 8న ఇస్తానంటే మాత్రం ఆలోచించి చెప్తానంది.

హాస్టల్_బాధితుడు:
ఒప్పుకుంటే వాట్సాప్‌లో రాయించుకో. మెయింటెనెన్స్ ఎంత పట్టుకుంటారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా. టిఫిన్ టైమ్ కూడా అడుగు.

సత్తిబాబు:
మళ్ళీ టిఫిన్.