నవంబరు వస్తే ఫోను వేళ ఎవరు మార్చుకోవాలి?

గజపతి కోడలు: నేను పర్లాకిమిడిలో, మా వారు టొరంటోలో. వేసవి అంతా మా ఉదయం 6:30కి మాట్లాడుకున్నాం. అక్కడ రాత్రి 9. ఇప్పుడు 7:30కి చేస్తానంటున్నారు. నా బస్సు 7:15కి. ఎవరు సర్దుకోవాలి?

రాయగడ వాసి: మా వారు దుబాయిలో ఉంటారు. గంటన్నరే తేడా, అయినా వారానికి ఒక్క ఫోను వస్తే గొప్ప. మనసుంటే మార్గముంటుందమ్మా.

బరంపురం మాస్టారు: గంటన్నర తేడా అయితే ఇద్దరి రాత్రి భోజనాలూ ఇంచుమించు ఒకేసారి అవుతాయి. టొరంటో సంగతి వేరు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. తొమ్మిదిన్నర గంటల తేడా పదిన్నర అవుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. మీ 6:30 ఇప్పుడు అక్కడ రాత్రి 8. అప్పటికి ఆయన ఇల్లు చేరతారా?

గజపతి కోడలు: చేరరండి. 8:30 దాటుతుంది.

కోరాపుట్ అన్న: తరువాతి బస్సు ఎక్కండి. చలిలో పని చేసి వచ్చిన మనిషికి బస్సు అడ్డమా?

గజపతి కోడలు: అది 8:30కి. కాలేజీలో తొలి క్లాసు నాదే.

కోరాపుట్ అన్న: క్లాసు మార్చుకోవచ్చు. నేను సూరత్‌లో షిఫ్టు దిగి ఫోను చేస్తే ఇంట్లో "పని ఉంది" అని పెట్టేసేవారు. ఆ బాధ మీకు తెలియదు.

గజపతి కోడలు: బస్సునే పట్టుకు కూర్చున్నారు! 6:30కి అత్తగారు పూజలో ఉంటారు, నేను డాబా మీద ఒక్కదాన్నే మాట్లాడతాను. బస్సు మానుకున్నా, 7:30కి ఇంటిల్లిపాదీ వరండాలో ఉంటారు. "బాగున్నాను" తప్ప ఏమనగలను? పైగా ఈ వేళ నన్ను అడగకుండానే ఖాయం చేశారు. ఎప్పుడూ ఆయన తీరికను బట్టే నా రోజు మారాలి.

బరంపురం మాస్టారు: అసలు బాధ ఇదన్నమాట. అయితే ఆయన రాత్రిని వదిలి ఉదయం చూడండి. మీ సాయంత్రం 5:30కి అక్కడ ఉదయం 7. కాలేజీ నుంచి వచ్చే దారిలో కాసేపు చాలు. శనివారం మీ రాత్రి 9కి అక్కడ ఉదయం 10:30, అప్పుడు తీరిగ్గా మాట్లాడుకోండి. మా అమ్మాయి న్యూజెర్సీలో, అల్లుడు ఇక్కడ ఉన్నప్పుడు ఇలాగే నడిపారు. డబ్బు మాటలూ ఇంటి గొడవలూ శనివారానికే ఉంచేవారు. ఒకరు నిద్రమత్తులో ఉండగా అవి ఎత్తితే చిన్న మాట కూడా తగాదా అవుతుంది.

రాయగడ వాసి: మధ్యలో వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోవచ్చుగా? కాకపోతే మా ఇంట్లో "విన్నావా, జవాబేది" అని వాటి మీదే గొడవ.

బరంపురం మాస్టారు: జవాబు అక్కర్లేనివే పంపాలమ్మా. ఈ రోజు ఏ కూర వండారో, దారిలో ఎవరు పలకరించారో, అలాంటివి.

కోరాపుట్ అన్న: ఎనిమిదింటికి లేచే మనిషిని ఆ చలిలో ఏడింటికి లేపమంటారా? నేను ఒప్పుకోను.

గజపతి కోడలు: నేను ఐదున్నరకే లేస్తున్నాను, అన్నా. ఈ శనివారం ఆయననే అడుగుతాను.