డోర్ క్లోజర్: లాచ్ పడకపోతే వాల్వ్ తిప్పాలా, తలుపు చూడాలా?

శ్రీకాకుళం_ల్యాబ్: మా ల్యాబ్‌లో ఏసీ రూముకి కొత్తగా హైడ్రాలిక్ డోర్ క్లోజర్ పెట్టించాం. తలుపు వస్తూ వస్తూ అరంగుళం దూరంలో ఆగిపోతోంది, లాక్ పడదు. రెండో వాల్వ్ విప్పితే పడుతుంది గానీ ధడేల్‌మని మోగుతోంది, రక్తం తీసేటప్పుడు పేషెంట్లు అదిరిపడుతున్నారు. కార్పెంటర్ వాల్వే తిప్పాలంటాడు, షాపువాళ్లేమో పెద్ద సైజు క్లోజర్ కొనమంటున్నారు. ఎవరి మాట వినాలి?

రాజాం_హార్డ్‌వేర్: సైజే అండి. క్లోజర్ డబ్బా మీద ఎంత బరువు తలుపుకో రాసుంటుంది, మీ తలుపు దానికంటే బరువుంటే స్ప్రింగు చివర్లో నెట్టలేదు. నేను రోజూ అమ్ముతాను కాబట్టి చెప్తున్నా, ఒక సైజు పెంచండి అయిపోద్ది.

బొబ్బిలి_వడ్రంగి: ఆగండాగండి, కొనకండి ఇంకా. తలుపు ఆగిపోతే ముందు క్లోజర్ మీద పడతారు అందరూ, నేనైతే దాన్ని పక్కన పెట్టి తలుపు చూస్తాను. క్లోజర్ రెండు చేతులు కలిసే దగ్గర స్క్రూ తీసి రాడ్ విడదీయండి, తీసేటప్పుడు స్ప్రింగు చెయ్యి విసురుగా తిరిగిపోద్ది, మొహం, వేళ్లు దూరంగా పెట్టుకోండి. ఇప్పుడు తలుపు వదులుగా ఉంటాది కదా, ఒక్క వేలితో మెల్లగా తోసి చూడండి. లాక్ నాలుక దానంతటదే లోపలికి పడిందా, బావుంది. వేలితోనే పడకపోతే క్లోజర్‌ది తప్పు కాదు, ఎంత పెద్దది పెట్టినా గట్టిగా కొట్టి కొట్టి లాక్ పాడవడమే.

తర్వాత నాలుక మొహం మీద సుద్దముక్క రుద్ది తలుపు వేసి తియ్యండి. ఫ్రేము మీది ప్లేటుకి తెల్లగా ఎక్కడ అంటుకుందో చూస్తే తెలిసిపోద్ది ఎక్కడ తగుల్తుందో. ప్లేటు కింది అంచుకి అంటుకుంటే తలుపు కుంగినట్టు, అంటే పై బందు వదులైనట్టు. క్లోజర్ పెట్టాక పై బందు మీద లాగుడు ఎక్కువవుద్ది, చిన్న స్క్రూలతో బిగించిన చోట ముందు అదే కదుల్తుంది.

గాజుతలుపు_విజయనగరం: మాది కూడా ఇదే బాధ అండి, మూడు లాంతర్ల దగ్గర మా షాపు గాజు తలుపుకి, కింద నేలలో ఉండే స్ప్రింగు, తలుపు పూర్తిగా పడకుండా ఆగిపోతోంది, ఏ వాల్వ్ తిప్పాలి?

బొబ్బిలి_వడ్రంగి: అది వేరే సంగతి అండి, నేలలోది ఫ్లోర్ స్ప్రింగు, దానికి ఈ లాక్ నాలుక గొడవ ఉండదు. వేరే పోస్ట్ పెట్టండి, అక్కడ చెప్తాను.

ఆమదాలవలస_టీచర్: మా స్కూల్ స్టాఫ్ రూముకి పెట్టినప్పుడు చూశాను, మొదటి వాల్వ్ తలుపు మొత్తం వేగానికి, రెండోది చివరి జానెడు దూరానికి. సవ్యంగా తిప్పితే నెమ్మది, అపసవ్యంగా తిప్పితే వేగం. కాబట్టి రెండోది విప్పితే లాచ్ పడాల్సిందే. ల్యాబ్ గారు అది ఎక్కువ విప్పేసినట్టున్నారు, ఒకటిన్నర తిప్పు తిప్పేసి ఉంటారు, అందుకే ధడేల్.

బొబ్బిలి_వడ్రంగి: వాల్వుల సంగతి నిజమే మేడం, కొన్ని కంపెనీలవి తేడాగా ఉంటాయి గనక పక్కన 1, 2 అంకెలు చూసుకోవాలి. గానీ "విప్పితే పడాల్సిందే" అంటే ఒప్పుకోను. వాల్వ్ ఆయిలు పోయే దారిని వెడల్పు చేస్తుంది అంతే, బలం ఇవ్వదు, బలం స్ప్రింగుది. అడ్డం ఏదో ఉన్నప్పుడు దారి పూర్తిగా తెరిస్తే అడ్డాన్ని కొట్టుకుంటూ వెళ్తుంది, ఆ కొట్టుడే ధడేల్. తిప్పేటప్పుడు ఒక్కోసారి పావులో సగం కంటే ఎక్కువ తిప్పకండి, తిప్పి రెండు మూడు సార్లు తలుపు వదిలి చూడాలి. ఇంకా విప్పుదాం ఇంకా విప్పుదాం అని స్క్రూ బయటికి వచ్చేస్తే ఆయిలు కారిపోద్ది, మళ్ళీ పోసేది కాదు, క్లోజర్ పారెయ్యాలి.

శ్రీకాకుళం_ల్యాబ్: చూశాను బాబాయ్. రాడ్ తీసి వేలితో తోస్తే తలుపు అదే అరంగుళం దగ్గర గీసుకుంటూ ఆగింది, సుద్ద ప్లేటు కింది అంచుకే అంటుకుంది. పై బందు పట్టుకుని తలుపు ఎత్తితే కదుల్తోంది. మా అబ్బాయి పొడవు స్క్రూలు తెచ్చి బిగించాడు, ఇప్పుడు వేలితో పడుతోంది. కానీ రాడ్ తగిలించాక ఏసీ వేసి కిటికీలు మూస్తే మళ్ళీ కొంచెం ఆగుతోంది, కిటికీ తీస్తే పడుతోంది, ఇదేటి?

బొబ్బిలి_వడ్రంగి: మీ తలుపు లోపలికి తెరుచుకుంటుంది కదా? మూసుకునేటప్పుడు బయటివైపు వెళ్తూ రూములో గాలిని లాక్కుంటాది, కిటికీలన్నీ మూసేస్తే లోపలికి గాలి రావడానికి దారి ఉండదు, ఆ గాలే తలుపుని వెనక్కి పట్టుకుంటుంది. కిటికీ తెరిచినప్పుడు పడిందన్నారుగా, ఇక అనుమానం లేదు. ఇక్కడే స్ప్రింగు బలం చివర్లో ఎక్కువ కావాలి, దానికి పెద్ద సైజు అక్కర్లేదు, రాడ్ చూడండి. క్లోజర్ బాడీ తలుపు మీద, బ్రాకెట్ ఫ్రేము మీద ఉండి తలుపు మీవైపు తెరుచుకుంటే, తలుపు మూసి ఉన్నప్పుడు బ్రాకెట్ నుంచి వచ్చే రాడ్ తలుపుకి మూలమట్టంలో ఉండాలి. నిజంగా మూలమట్టం పెట్టి చూడండి, కంటికి బాగానే ఉన్నట్టు ఉంటాది.

శ్రీకాకుళం_ల్యాబ్: మూలమట్టం పెట్టాం. రాడ్ ఏటవాలుగా ఉంది, పొడవు సరిచూడకుండా ఎలా ఉందో అలాగే బిగించేశారు.

బొబ్బిలి_వడ్రంగి: అదే. లాక్ నట్టు వదులు చేసి రాడ్‌ని తిప్పి పొడవు మార్చండి, మూలమట్టం వచ్చాక స్పానరుతో పెద్ద చేతిని కాస్త లాగి పట్టుకుని స్క్రూ తగిలించండి. చెయ్యి అలా కాస్త బిగువుగా లాగి తగిలిస్తేనే స్ప్రింగు చివరి అంగుళంలో కూడా నెట్టుతుంది. అప్పుడు వేగం చూసుకోండి, తలుపు సగం పైన తెరిచి వదిలితే చివరి జానెడు వరకు అయిదారు సెకన్లు పడితే మొదటి వాల్వ్ సరిగ్గా ఉన్నట్టు, ఆ తర్వాత సెకను, రెండు సెకన్లలో టక్‌మని పడాలి. మొదటిది కుదిరాకే రెండోది ముట్టుకోండి.

రాజాం_హార్డ్‌వేర్: ఇదంతా బాగుంది గానీ ఎంతమంది కస్టమర్లు మూలమట్టం పెట్టి చూస్తారు బాబూ? పెద్ద సైజు పెడితే ఒకేసారి సరి.

బొబ్బిలి_వడ్రంగి: సరి కాదు, అక్కడికి వచ్చేది ముసలోళ్లు, నీరసంగా ఉన్నోళ్లు. స్ప్రింగు బలం పెంచితే తలుపు తెరవడం కూడా అంతే బరువవుద్ది. తలుపు నిజంగా బరువైనదైతే సైజు పెంచమని నేనే చెప్తాను, ఇక్కడ వేలితో పడే తలుపు ఇది.

శ్రీకాకుళం_ల్యాబ్: రాడ్ సరిచేశాక ఏసీ, కిటికీలు మూసి కూడా పడుతోంది. రెండో వాల్వ్‌ని విప్పిన దాంట్లోంచి పావు వెనక్కి బిగించాను, ఇప్పుడు శబ్దం టక్ అంతే. పెద్ద సైజు కొనలేదు.

ఆమదాలవలస_టీచర్: వర్షాకాలం వచ్చాక చెప్పండి. మా స్కూల్లో అప్పుడే చెక్క ఉబ్బి మళ్ళీ ఆగింది, మా ప్యూను వాల్వ్ విప్పేశాడు, అప్పుడు నాకూ అదే సరైంది అనిపించింది, ఇప్పటికీ చిన్న ఉబ్బుకి ఆ మాత్రం విప్పడంలో తప్పేముంది అనే అంటాను.

బొబ్బిలి_వడ్రంగి: వాన తగ్గి చెక్క ఆరిపోయాక మళ్ళీ బిగించేదెవరు మేడం? అంచు ఎక్కడ రాపాడుతుందో చూసి అక్కడ చిత్రిక పట్టి పెయింట్ వేసేయండి.

ఆమదాలవలస_టీచర్: ఎండాకాలంలో సందు పడి ఏసీ గాలి పోతే అప్పుడు ఏం చెయ్యాలి మరి?