తెల్లవారుజాము 3 నుంచి 6 షిఫ్టుకి బ్యాకప్ ఎలా పెడతారు?

బెంగళూరు మారతహళ్ళిలో మేం 42 మంది తెలుగువాళ్ళం, పనికోసం ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళకి 24 గంటల హెల్ప్‌లైన్ నడుపుతున్నాం. అందరం వాలంటీర్లమే. షిఫ్టు 3 గంటలు, వారానికి 56. బ్యాకప్ 6 గంటలకొకరు, వారానికి 28. మొత్తం 84, అంటే మనిషికి రెండు. కాగితం మీద బాగానే ఉంది.

పోయిన గురువారం తెల్లవారుజామున 4:10కి కాల్ వచ్చింది. డ్యూటీలో ఉన్నావిడకి నిద్ర పట్టేసింది, ఫోన్ సైలెంట్‌లో ఉంది. 25 సెకన్లకి కాల్ బ్యాకప్‌కి మళ్ళింది. ఆయనేమో అప్పుడే 12 నుంచి 3 షిఫ్టు చేసి పడుకున్నారు. రోస్టర్ వేసింది నేనే, తప్పు నాదే.

ఇప్పుడు షిఫ్టు దిగినవాళ్ళకి వెంటనే బ్యాకప్ వేయడం లేదు. 2:45కల్లా తర్వాతివాళ్ళు గ్రూప్‌లో "లేచాను" అని పెట్టాలి, లేకపోతే దిగేవాళ్ళు బ్యాకప్‌కి ఫోన్ చేసి లేపుతారు. కానీ 2:45కి లేచినవాళ్ళు 4కి మళ్ళీ నిద్రపోతే?

12 నుంచి 6 వరకు 2 గంటల షిఫ్టులు చేస్తే వారానికి 7 పెరుగుతాయి, ఏడుగురు మూడోది చేయాలి. ఇంకో ఆలోచన, అమెరికా తూర్పు తీరంలో ఉన్న మనవాళ్ళని బ్యాకప్‌గా పెట్టడం. మన 3 గంటలప్పుడు వాళ్ళకి సాయంత్రమే. కానీ ఇక్కడి పీజీలు, ఏరియాలు వాళ్ళకేం తెలుస్తాయి?

రెండింట్లో ఏదైనా చేసి చూసినవాళ్ళున్నారా? ఎన్నాళ్ళు నిలబడింది?