మట్టి కుండకి కార్బన్ డేటింగ్ ఎలా చేస్తారు? పాపకి చెప్పలేకపోయాను

సుజాత_ఎస్
మా పాప తొమ్మిదో తరగతి. ఒక చోట "తవ్వకాల్లో దొరికిన కుండలు 2,500 ఏళ్ల నాటివని కార్బన్ డేటింగ్‌లో తేలింది" అని చదివింది. కార్బన్ డేటింగ్ ఒకప్పుడు బతికి చచ్చిపోయిన వాటికే చేస్తారని సైన్స్‌లో చెప్పారట. "కుండ మట్టిదే కదమ్మా, మట్టి ఎప్పుడు బతికింది, ఎప్పుడు చచ్చింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు మామూలు మాటల్లో చెప్పండి. మట్టి పొరల్ని బట్టి కూడా వయసు చెబుతారట, అదీ కలిపి చెబితే ఇంకా మంచిది.

చరిత్రపిచ్చి
పొరల సంగతి సులువేనండి. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది, రోజూ పాత పేపర్లు ఒకదాని మీద ఒకటి వేసినట్టు. మట్టి ఏడాదికి ఇంత అని పేరుకుంటుంది కాబట్టి ఎంత లోతులో దొరికిందో కొలిస్తే వయసు తెలిసిపోతుంది. మీటరుకి వెయ్యేళ్లు అనుకుంటే రెండున్నర మీటర్లలో దొరికిన కుండ 2,500 ఏళ్లది. కార్బన్ డేటింగ్ ఆ లెక్కని ఖాయం చేసుకోవడానికి.

ట్రెంచ్‌లో_ఇరవయ్యేళ్లు
సుజాత గారూ, మీ పాప సరిగ్గా పట్టుకుంది. కుండకి కార్బన్ డేటింగ్ మామూలుగా చెయ్యరు. బంకమట్టిలో కాస్త కార్బన్ ఉన్నా అది ఏ కాలందో తెలియదు, కుండ చేసినవాడికీ దానికీ సంబంధం ఉండదు. డేటింగ్ చేసేది ఆ కుండ ఉన్న పొరలోనే దొరికిన బొగ్గు ముక్కకో, మాడిన గింజకో, ఎముకకో. బొగ్గు వయసు తెలిశాక "ఈ రెండూ ఒకే పొరలోవి, కాబట్టి కుండ వయసూ అంతే" అంటారు. ఆ "కాబట్టి" అనే మాటకి ఆధారం ల్యాబ్‌లో ఉండదు, మట్టిలో ఉంటుంది. పొరలు తప్పు చదివితే ల్యాబ్ ఎంత బాగా కొలిచినా లాభం లేదు.

చరిత్రపిచ్చి గారూ, కింద పాతది పైన కొత్తది అన్నంతవరకు మీరు చెప్పింది కరెక్టే. మీటరుకి వెయ్యేళ్లు అన్నది మాత్రం వదిలెయ్యండి. ఒక్క వరదకి అడుగు మందం మట్టి పడొచ్చు, మట్టిగోడల ఇల్లు కూలితే ఒక్క రోజులో ఇంకా ఎక్కువ పడొచ్చు, ఆ తర్వాత 300 ఏళ్లు అక్కడెవరూ లేకపోతే అంగుళం కూడా పేరుకోకపోవచ్చు.

లోతుని నమ్ముకుంటే ఎలా దెబ్బతింటామో మా ట్రెంచ్‌లో చూసిందే చెబుతాను. పైన దున్నిన మట్టి. దాని కింద గట్టిగా తొక్కిన గోధుమరంగు నేల, అంటే ఇల్లు. ఆ నేల కింద బూడిదరంగు పొర, అందులో ఒక పొయ్యి, పొయ్యి చుట్టూ కుండపెంకులు. అన్నిటికంటే కింద మనిషి చెయ్యి పడని పసుపు మట్టి. పొయ్యికి రెండడుగుల దూరంలో, సరిగ్గా అదే లోతులో ఒక ఇనుప మేకు దొరికింది. కొత్తగా చేరిన కుర్రాడు పొయ్యితో పాటు రాసేశాడు. నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే మేకు దగ్గర తాపీ మెత్తగా దిగిపోతోంది. ట్రెంచ్ పక్కగోడని శుభ్రంగా గీకి, కొంచెం నీళ్లు చిలకరించి చూస్తే, పైనున్న గోధుమరంగు నేల నుంచి బూడిదరంగు పొరని కోసుకుంటూ గిన్నె ఆకారంలో ఒక గీత కనిపించింది. అది గుంత. ఆ ఇంట్లోవాళ్లు తవ్వి చెత్త వేసుకున్న గుంత. మేకు పొయ్యి లోతులోనే ఉన్నా ఇంటి కాలానిది. గుంతలో ఉన్నవాటి కాలం తెలియాలంటే అది ఏ నేల మీద నుంచి తవ్వారో చూడాలి, ఎంత లోతుకి దిగిందో కాదు.

నాణెం_బాబు
మా ఇంట్లో ఒక పాత రాగి నాణెం ఉంది. దీనికి కార్బన్ డేటింగ్ ఎక్కడ చేస్తారు, ఎంత అవుతుంది? అక్షరాలు సగం అరిగిపోయాయి.

ట్రెంచ్‌లో_ఇరవయ్యేళ్లు
రాగికి కుదరదు బాబూ, అందులో కార్బన్ లేదు. మిగిలిన అక్షరాలు, బొమ్మ, బరువు చూసి నాణేలు తెలిసినవాళ్లు చెప్పగలరు. దయచేసి తోమొద్దు, ఉన్న అక్షరాలూ పోతాయి. మాకు మాత్రం పొరలో నాణెం దొరికితే పండగే. 1835లో ముద్రించిన నాణెం ఒక పొరలో కలవకుండా కప్పబడి ఉంటే ఆ పొర 1835 కంటే ముందుది అయ్యే వీల్లేదు.

చరిత్రపిచ్చి
అంటే ఆ పొర 1835 నాటిదే అన్నమాట.

ట్రెంచ్‌లో_ఇరవయ్యేళ్లు
కాదండి, "1835 కంటే ముందు కాదు" అంతే. ఆ నాణెం అరవయ్యేళ్లు చేతులు మారి 1895లో జారిపడి ఉండొచ్చు. గుంత తవ్వినప్పుడు కింది పాత మట్టి పైకి వస్తుంది కదా, దాంతో పాటు వెయ్యేళ్ల నాటి పెంకులు కూడా కొత్త నేల మీద పడతాయి. అందుకే పొరలో ఉన్న అన్నిటికంటే కొత్త వస్తువుని బట్టే ఆ పొర వయసు చూస్తాం. పాతవి ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు.

లెక్కల_రవి
నాకు కార్బన్ లెక్క చెప్పండి. సగం తగ్గడానికి 5,730 ఏళ్లు కదా. మరి నాలుగో వంతు తగ్గి 75 శాతం మిగిలితే 5,730లో సగం, 2,865 ఏళ్లు. మా క్లాసులో అందరూ ఇలాగే చేశారు.

ఫిజిక్స్_టీచర్
చాలామంది పిల్లలు ఇక్కడే పొరపడతారు రవీ. కార్బన్-14 అంటే తనంతట తానే తరిగిపోతూ ఉండే ఒక రకం కార్బన్. అది రోజుకి ఇన్ని పరమాణువులని సమానంగా తగ్గదు, ఉన్నదాంట్లో ఇంత వంతు అని తగ్గుతుంది. మొదట ఎక్కువ ఉంటుంది కాబట్టి మొదట్లో ఎక్కువ పోతుంది. అందుకే మొదటి పావు వంతు పోవడానికి 2,865 ఏళ్లు పట్టదు, సుమారు 2,380 ఏళ్లు చాలు. మిగతా 3,350 ఏళ్లలో రెండో పావు పోతుంది.

సుజాత గారూ, పాపకి ఇలా చెప్పండి. ఆకాశంలో బాగా పైన, అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల నైట్రోజన్ నుంచి కార్బన్-14 కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటుంది. మొక్క గాలి నుంచి తీసుకుంటుంది, మొక్కని తిన్న జంతువుకీ మనకీ అదే వస్తుంది. బతికున్నంతకాలం పోయినది పోతుంటే కొత్తది వచ్చి చేరుతుంది. చచ్చిపోయాక కొత్తది రావడం ఆగి, పోవడం మాత్రం ఆగదు. ఎంత మిగిలిందో చూసి ఎంతకాలం కింద ఆగిందో లెక్క వేస్తారు. ఈ పద్ధతిని విల్లర్డ్ లిబ్బీ అనే శాస్త్రవేత్త 1940లలో కనిపెట్టాడు, 1960లో నోబెల్ వచ్చింది. సుమారు 50,000 ఏళ్లు దాటితే మిగిలేది మరీ తక్కువ, కొలిచినా నమ్మలేం.

అంత పాతవాటి విషయంలో ఎంత జాగ్రత్త కావాలో చూడండి. 40,000 ఏళ్ల నాటి ఎముకలో నూటికి ఒక్క పాలు ఈనాటి కార్బన్, ఏదో వేరు నుంచో జిగురు నుంచో, కలిసిందనుకోండి. లెక్క వేస్తే వయసు 33,000 చిల్లరే వస్తుంది. అందుకే కొలిచే ముందు శాంపిల్‌ని యాసిడ్‌తో, క్షారంతో కడుగుతారు.

సుజాత_ఎస్
ఇప్పుడు బాగా అర్థమైంది. అయితే బొగ్గు వయసు తెలిస్తే ఆ పొయ్యి వెలిగించిన సంవత్సరం తెలిసినట్టేనా?

ట్రెంచ్‌లో_ఇరవయ్యేళ్లు
అక్కడే అసలు చిక్కు అమ్మా, నేను ఎక్కువ మాట్లాడేది దీని గురించే. బొగ్గు చెప్పేది మంట పెట్టిన రోజు కాదు, ఆ కర్ర పెరిగిన కాలం. చెట్టులో ఏటా ఒక వలయం పెరుగుతుంది, లోపలి వలయం తయారైన ఏడాదికే గాలితో సంబంధం తెగిపోతుంది. 300 ఏళ్ల చెట్టుని ఇవాళ కొట్టినా దాని నడిమి ముక్క ఇవాళే 300 ఏళ్ల పాతది. పైగా ఆ దూలం ఇంకో ఇంట్లో వందేళ్లు ఉండి ఆ తర్వాత పొయ్యిలోకి వచ్చిందనుకోండి, ఇంకో వంద కలుస్తుంది.

ఈజిప్టు పిరమిడ్ల దగ్గర ఇదే జరిగింది. రాళ్ల మధ్య పెట్టిన గారలో చిన్నచిన్న బొగ్గు నలుసులు ఉంటాయి. 1984లో వాటిని ఏరి డేటింగ్ చేస్తే, రాజుల చరిత్ర లెక్క కంటే సగటున 374 ఏళ్లు పాతవని వచ్చింది. 1995లో ఇంకా చాలా శాంపిళ్లు తీసి మళ్లీ చేస్తే తేడా 100 నుంచి 200 ఏళ్లకి తగ్గింది, కానీ పోలేదు.

చరిత్రపిచ్చి
మరి పిరమిడ్లే నిజంగా అంత పాతవి అయి ఉండొచ్చు కదా? చరిత్ర లెక్కే తప్పేమో!

ట్రెంచ్‌లో_ఇరవయ్యేళ్లు
అడగాల్సిన ప్రశ్నే. ఒకే పిరమిడ్‌లోని నలుసులు ఒకదానికొకటి వందల ఏళ్ల తేడాతో చెదిరిపోయి వచ్చాయి. కట్టడమే పాతదైతే అన్నీ ఒక పాత తేదీ చుట్టూ గుమిగూడాలి. కొన్ని కాస్త పాత, కొన్ని బాగా పాత అయ్యాయంటే పనివాళ్లు దొరికిన పాత కర్రా చెత్తా అంతా పొయ్యిలో వేశారని అర్థం. కలప కరువైన ఎడారి దేశం మరి. 2010లో వేరే బృందం మ్యూజియంలలో ఉన్న గింజలు, బుట్టలు, రెల్లు లాంటివి, ఏ రాజు కాలానివో ముందే తెలిసినవి, రెండు వందలకు పైగా శాంపిళ్లు కొలిచింది. చరిత్ర లెక్కతో దగ్గరగా సరిపోయాయి. గింజ ఒక్క ఏడాదిలో పండి ఎండిపోతుంది, దానికి "లోపలి వలయం" ఉండదు. అందుకే నేను పొయ్యిలో చారెడు బొగ్గు ఉన్నా, మాడిన గింజ ఒక్కటి దొరికితే దాన్నే ల్యాబ్‌కి పంపమంటాను.

ఫిజిక్స్_టీచర్
ఒక మాట కలుపుతాను. ల్యాబ్ ఇచ్చే అంకె నేరుగా సంవత్సరం కాదు. ఆకాశంలో కార్బన్-14 అన్ని కాలాల్లో ఒకేలా పుట్టలేదు, కాబట్టి వయసు తెలిసిన చెట్టు వలయాలతో పోల్చి సరిచేస్తారు. కొన్ని కాలాల్లో ఆ పోలిక మొండికేస్తుంది. సుమారు క్రీ.పూ. 800 నుంచి 400 వరకు పెరిగిన చెట్ల వలయాలన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తాయి. 2,500 ఏళ్ల కుండ అన్నారు కదా, అది సరిగ్గా ఆ గోతిలోనే పడుతుంది. బొగ్గు ఒక్కటే ఉంటే క్రీ.పూ. 750దో 450దో చెప్పడం కష్టం.

ట్రెంచ్‌లో_ఇరవయ్యేళ్లు
అవును, అప్పుడు మళ్లీ పొరలే దిక్కు. కింది పొర గింజ, మధ్య పొర గింజ, పై పొర గింజ, మూడూ వరసలో పంపితే, కిందది పైదాని కంటే కొత్తది కాలేదు కాబట్టి కుదరని తేదీలు కొన్ని తొలగిపోతాయి.

సుజాత_ఎస్
పాప పక్కనే కూర్చుని చదివింది. ఇంకో ప్రశ్న వేసింది: కుండ లోపల మాడిన అన్నం అంటుకుని ఉంటే, దానికి డేటింగ్ చెయ్యొచ్చు కదా, అప్పుడు పొర అక్కర్లేదు కదా?

ఫిజిక్స్_టీచర్
చెయ్యొచ్చు. కుండ పీల్చుకున్న కొవ్వుని విడదీసి కొలిచే పద్ధతి కూడా వచ్చింది. వండింది చేప అయితే మాత్రం జాగ్రత్త, సముద్రం నీళ్లలో పాత కార్బన్ ఉంటుంది కాబట్టి నాలుగొందల ఏళ్లు ఎక్కువ చూపించొచ్చు.

ట్రెంచ్‌లో_ఇరవయ్యేళ్లు
చెయ్యొచ్చు, కానీ పొర అక్కర్లేదంటే నేను ఒప్పుకోను. అది ఆ కుండలో ఆఖరిసారి వండిన కాలం చెబుతుంది. ఆ కుండ ఆ ఇంటికి ఎప్పుడు వచ్చిందో, పక్కనున్న మిగతా వస్తువులు దాంతో కలిసి వాడినవో కాదో చెప్పదు.

లెక్కల_రవి
పరీక్షలో "కుండ వయసు కార్బన్ డేటింగ్‌తో తెలుసుకుంటారు" అని వస్తే ఒప్పు పెట్టాలా తప్పు పెట్టాలా?

సుజాత_ఎస్
మా పాప కూడా ఇప్పుడు అదే అడుగుతోంది రవీ. రేపు వాళ్ల టీచర్‌కి ఆ మేకు, గుంత సంగతి చెప్పి అడుగుతానంటోంది.