కార్ట్ కంటే చెకౌట్ ఎక్కువ: ఫనెల్‌లో 100 దాటిన శాతాన్ని ఏం చేయాలి?

మౌనిక_ప్రొడక్ట్
మాది కిరాణా సరుకుల డెలివరీ యాప్. నిన్నటి ఫనెల్ ఇది: వస్తువు చూసినవాళ్లు 41,200, కార్ట్‌లో వేసినవాళ్లు 9,800, చెకౌట్‌కి వచ్చినవాళ్లు 11,300, పేమెంట్ మొదలుపెట్టినవాళ్లు 8,100, ఆర్డర్ అయినవాళ్లు 8,450. కార్ట్ నుంచి చెకౌట్ 115 శాతం! మా హెడ్ "100 దాటితే 100 అనే చూపించండి" అంటున్నారు, అనలిస్టు ససేమిరా అంటున్నాడు. మీ దగ్గర ఏం చేస్తారు?

రాజు_డ్యాష్‌బోర్డ్
100 దగ్గర కోసేయడం మాత్రం వద్దు మౌనిక గారూ. అసలు మీ ఫనెల్‌ని ఓపెన్‌గా లెక్కేస్తున్నట్టున్నారు. ప్రతి స్టెప్‌కీ విడివిడిగా యూజర్లను లెక్కపెడితే ఇలాగే వస్తుంది. క్లోజ్డ్ చేసేయండి. మొదటి స్టెప్ చేసినవాళ్లలో రెండోది ఎవరు చేశారు, వాళ్లలో మూడోది ఎవరు చేశారు అని వరుసగా వడకట్టుకుంటూ పోవాలి. జీఏ4 ఫనెల్ ఎక్స్‌ప్లొరేషన్‌లో డిఫాల్ట్ అదే. క్లిక్‌హౌస్ ఉంటే `windowFunnel` ఉంది, ఒక్క లైన్ పని. అప్పుడు కింది స్టెప్ పై స్టెప్‌ను దాటే ఛాన్సే లేదు. సమస్య అక్కడితో తీరిపోతుంది.

శ్రీను_అడ్మిషన్స్
మాకూ ఇదే జరిగింది అండి. మాది ఒక కాలేజీ అడ్మిషన్ ఫారం. ఫీజు కట్టాక వచ్చే "థాంక్యూ" పేజీని పిల్లలు రిఫ్రెష్ చేస్తుంటారు, రసీదు కోసం మళ్లీ మళ్లీ తెరుస్తుంటారు. ప్రతిసారీ ఒక ఈవెంట్ వెళ్లేది. ఫారం నింపినవాళ్ల కంటే ఫీజు కట్టినవాళ్లే ఎక్కువ కనబడేవాళ్లు. అప్లికేషన్ నంబరు పెట్టి డూప్లికేట్లు తీసేశాక సరిపోయింది. మీరూ అది చూడండి.

మౌనిక_ప్రొడక్ట్
శ్రీను గారూ, మాది ముందు నుంచీ యూజర్ల లెక్కే. ఒక యూజర్ పదిసార్లు చెకౌట్ తెరిచినా ఒక్కడిగానే వస్తాడు. కాబట్టి మాది డూప్లికేట్ల గొడవ కాదు. రాజు గారూ, క్లోజ్డ్ చేసి చూశాం. చెకౌట్ 6,840కి పడిపోయింది. మిగతా 4,460 మంది ఏమైపోయారని హెడ్ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వసుధ_డేటా
ఆ 4,460 మందిని దాచకుండా ముందు వాళ్లెవరో తేల్చాలి. స్టెప్ దాటవేసి వచ్చినవాళ్లు వేరు, స్టెప్ చేసినా ఈవెంట్ల వరుస తిరగబడినవాళ్లు వేరు. మొదటిది జనం నిజంగా చేసిన పని. రెండోది ఎక్కువగా మన కొలతలో తప్పు. రెంటికీ ఒకే మందు వేస్తే లాభం లేదు. చెకౌట్‌కి వచ్చిన ప్రతి యూజర్‌కీ మొదటి కార్ట్ టైమ్, మొదటి చెకౌట్ టైమ్ పక్కపక్కన పెట్టి చూడండి. `day_events` అంటే ఆ ఒక్క రోజు ఈవెంట్లు:

```sql
SELECT cart_t IS NULL AS no_cart,
       cart_t > chk_t AS cart_late,
       COUNT(*) AS users
FROM (
  SELECT user_id,
    MIN(CASE WHEN event = 'add_to_cart' THEN ts END) AS cart_t,
    MIN(CASE WHEN event = 'begin_checkout' THEN ts END) AS chk_t
  FROM day_events
  GROUP BY user_id
) t
WHERE chk_t IS NOT NULL
GROUP BY 1, 2;
```

కార్ట్ ఈవెంటే లేనివాళ్ల ఐడీలు తీసుకుని, గత 7 రోజుల్లో వాళ్లకి కార్ట్ ఈవెంట్ ఉందేమో కూడా చూడండి. అంకెలు ఇక్కడ పెట్టండి, మాట్లాడుకుందాం.

మౌనిక_ప్రొడక్ట్
వసుధ గారూ, వచ్చాయి. సరైన వరుసలో ఉన్నవాళ్లు 6,840. కార్ట్ ఈవెంట్ లేనివాళ్లు 4,150. చెకౌట్ తర్వాత కార్ట్ వచ్చినట్టున్నవాళ్లు 310. ఆ 4,150లో 2,600 మందికి గత వారంలో కార్ట్ ఈవెంట్ ఉంది. మిగిలినవాళ్లలో 1,420 మంది పాత ఆర్డర్ల పేజీలో "మళ్లీ ఆర్డర్ చేయండి" నొక్కినవాళ్లు. అది నేరుగా చెకౌట్‌కే తీసుకెళ్తుందని నాకిప్పుడే తెలిసింది. ఇంకా 130 మంది ఎవరో అర్థం కాలేదు.

వసుధ_డేటా
చాలావరకు తేలిపోయింది. 2,600 మంది మొన్నో అటుమొన్నో కార్ట్‌లో వేసుకుని నిన్న కొన్నారు. కిరాణాలో ఇది మామూలే, లిస్టు రెండు మూడు రోజులు పెరిగాక ఆర్డర్ పెడతారు. మీ రిపోర్టు అన్ని స్టెప్‌లకీ ఒకే రోజు ఫిల్టర్ పెట్టింది కాబట్టి వాళ్ల కార్ట్ బయటే ఉండిపోయింది. ఇక్కడ రాజు గారు చెప్పిన పద్ధతే సరైనది, కాకపోతే ఒక్క రోజుకి కాదు. కార్ట్‌లో వేసిన రోజు ప్రకారం యూజర్లను పట్టుకుని, ఆ తర్వాత 7 రోజులు ఏం చేశారో చూడాలి.

1,420 మందికి మాత్రం ఏ విండో పెట్టినా లాభం లేదు. వాళ్ల దారిలో కార్ట్ అనే స్టెప్పే లేదు. వాళ్లకి వేరే ఫనెల్ గీయాలి.

310 మందిని ఇంకొంచెం దగ్గరగా చూడాలి. కార్ట్‌కీ చెకౌట్‌కీ మధ్య తేడా ఎంత? రెండు సెకన్ల లోపు అయితే మీ యాప్‌లో "ఇప్పుడే కొనండి" బటన్ ఉందేమో చూడండి. అది నొక్కగానే చెకౌట్ స్క్రీన్ తెరుచుకుంటుంది, ఆ ఈవెంట్ వెంటనే వెళ్తుంది. కార్ట్ ఈవెంట్ మాత్రం సర్వర్ "చేర్చాను" అని జవాబిచ్చాకే వెళ్తుంది. వరుస తిరగబడేది అక్కడే. తేడా నిమిషాల్లో ఉంటే అది తప్పు కాదు. పాత కార్ట్‌తో చెకౌట్‌కి వెళ్లి, పాలు మర్చిపోయామని వెనక్కొచ్చి వేసుకున్నవాళ్లు వాళ్లు. క్వెరీలో `MIN` వాడాం కాబట్టి వాళ్లు కూడా ఇందులోనే పడతారు.

మౌనిక_ప్రొడక్ట్
ఆ బటన్ ఉంది! 310లో 190 మంది రెండు సెకన్ల లోపే.

ప్రసాద్_పాతకాలం
నేను వేరే మాట చెప్తాను. చెకౌట్‌కి వచ్చాడంటే కార్ట్ దాటే వచ్చి ఉంటాడు కదా. అలాంటప్పుడు కార్ట్ లెక్కలో కూడా అతన్ని కలిపేయండి. పాత యూనివర్సల్ అనలిటిక్స్‌లో ఫనెల్ విజువలైజేషన్ రిపోర్టు సరిగ్గా ఇదే చేసేది, మధ్యలో దాటవేసిన స్టెప్‌లను తనే నింపేసేది. 2023లో అది ఆగిపోయేదాకా ఎన్ని కంపెనీలు దానిమీద నడవలేదు? మేనేజ్‌మెంటుకి చూపించే రిపోర్టు చదవగానే అర్థం కావాలి.

వసుధ_డేటా
ప్రసాద్ గారూ, తప్పించుకోలేని స్టెప్‌కి మీ మాట ఒప్పుకుంటాను. ఆ 190 మంది కార్ట్‌ని నిజంగానే దాటారు, నింపితే తప్పులేదు. కానీ మళ్లీ ఆర్డర్ చేసిన 1,420 మందిని కార్ట్‌లో నింపితే అక్కడ వాళ్లంతా నూటికి నూరు శాతం ముందుకెళ్లినట్టు అవుతుంది. వాళ్లు ఆగిపోయే అవకాశమే లేని చోట వాళ్లను విజయాలుగా లెక్కేస్తున్నాం. రేపు ఆ బటన్‌ని హోమ్ పేజీలో పెడితే, కార్ట్ స్క్రీన్‌లో ఏ మార్పూ చేయకుండానే కార్ట్ శాతం పెరిగిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ 115 కాదు. దాని వెనక ఇంకో అంకె ఉంది. కార్ట్‌లో వేసిన 9,800 మందిలో 6,840, 310 కలిపి 7,150 మందే నిన్న చెకౌట్‌కి వచ్చారు. 2,650 మంది రాలేదు. పక్క దారిన వచ్చినవాళ్లు వాళ్లను కప్పేశారు. 100 దగ్గర కోస్తే వీళ్లు అసలు కనబడరు. ఇంకో సంగతి, ఈ కప్పేయడం 100 దాటినప్పుడే జరగదు. 72 శాతం అని బుద్ధిగా కనబడే స్టెప్‌లోనూ ఇదే కలగలుపు ఉండొచ్చు. 100 దాటింది కాబట్టి ఇక్కడ పట్టుబడింది, అంతే.

ఇమ్రాన్_బ్యాకెండ్
ఆ 72 శాతం మీ దగ్గరే ఉంది కదా మౌనిక గారూ, చెకౌట్ 11,300 నుంచి పేమెంట్ 8,100. మీకు క్యాష్ ఆన్ డెలివరీ ఉందా? ఉంటే వాళ్లకి పేమెంట్ మొదలయ్యే ఈవెంటే ఉండదు, నేరుగా ఆర్డర్ అయిపోతుంది. ముందు వాళ్లను విడదీయండి.

ఆ తర్వాత యూపీఐ సంగతి. పే బటన్ నొక్కగానే ఫోన్ యూపీఐ యాప్‌కి మారుతుంది, మన యాప్ బ్యాక్‌గ్రౌండ్‌కి పోతుంది. పేమెంట్ మొదలైన ఈవెంట్ అప్పటికి ఫోన్ మెమరీలోని క్యూలోనే ఉండొచ్చు. ర్యామ్ తక్కువున్న ఫోన్లలో ఆండ్రాయిడ్ మన యాప్‌ని మూసేస్తే ఆ ఈవెంట్ పోయినట్టే. ఆర్డర్ అయిందన్న ఈవెంట్ మాత్రం గేట్‌వే నుంచి సర్వర్‌కి వెబ్‌హుక్‌గా వస్తుంది, అది పోదు. చివరి స్టెప్ పెద్దదిగా కనబడటం మామూలే. పేమెంట్ మొదలైన ఈవెంట్‌ని కూడా, గేట్‌వేలో ఆర్డర్ ఐడీ సృష్టించే క్షణంలో సర్వర్ నుంచే పంపండి. రెండూ ఒకే గడియారం మీద ఉంటాయి కూడా.

మౌనిక_ప్రొడక్ట్
ఇమ్రాన్ గారూ, చూశాం. 8,450లో క్యాష్ ఆన్ డెలివరీ 1,900. ఆన్‌లైన్ 6,550, అందులో 380 మందికి పేమెంట్ మొదలైన ఈవెంట్ లేదు. అంటే మొదలుపెట్టిన 8,100లో పూర్తి చేసింది 6,170 మంది. 1,930 మంది మధ్యలో ఆగిపోయారు! మేం దీన్ని 104 శాతం అని చూస్తూ కూర్చున్నాం.

రాజు_డ్యాష్‌బోర్డ్
వసుధ గారూ, క్లోజ్డ్ ఒక్కటే చాలదని ఒప్పుకుంటున్నా. కానీ గడియారాల సంగతికి సర్వర్ ఈవెంట్లే కావాలా? ఫోన్ టైమ్ తప్పుంటే సరిచేసే లెక్క ఉంది కదా. సెగ్మెంట్ టూల్‌లో ఇలా:

```
timestamp = receivedAt - (sentAt - originalTimestamp)
```

పంపిన క్షణానికీ ఈవెంట్ జరిగిన క్షణానికీ మధ్య తేడా ఫోన్ గడియారంలోనే కొలుస్తాం కాబట్టి, ఫోన్ పది నిమిషాలు ముందున్నా ఆ తప్పు కొట్టుకుపోతుంది.

వసుధ_డేటా
అవును, మామూలు తప్పుకి బాగానే పనిచేస్తుంది. ఈవెంట్ జరిగిన తర్వాత, పంపేలోపు ఫోన్ టైమ్ మారితే మాత్రం లెక్క చెడుతుంది. నెట్ లేక ఈవెంట్లు క్యూలో ఉన్నప్పుడు యూజర్ టైమ్ సరిచేసుకోవడం లాంటివి. ఆ 130 మందిలో కొందరు ఇలాంటివాళ్లే కావచ్చు. ఈవెంట్ టైమ్‌కీ సర్వర్‌కి చేరిన టైమ్‌కీ తేడా గంటల్లో ఉన్నవాళ్లు ఎందరో చూడండి.

రిపోర్టు ఎప్పుడు నడుస్తోందో కూడా చెప్పండి. తెల్లవారుజామున నడిపి ఫ్రీజ్ చేస్తుంటే, నెట్ లేక ఆగిపోయిన కార్ట్ ఈవెంట్లు తర్వాత వచ్చినా లెక్కలోకి రావు. సర్వర్ ఈవెంట్లు మాత్రం అప్పటికే ఉంటాయి. జీఏ4 కూడా 72 గంటల వరకు ఆలస్యంగా వచ్చినవాటిని తీసుకుంటుంది. నేనైతే మూడు రోజులపాటు అంకెల పక్కన "తాత్కాలికం" అని రాస్తాను.

ప్రసాద్_పాతకాలం
మూడు రోజులు మారే అంకెతో మీటింగ్ ఎలా పెడతారమ్మా? సోమవారం ఒకటి చూపించి గురువారం ఇంకొకటి చూపిస్తే రిపోర్టునే నమ్మరు. ఉదయం అంకె ఫ్రీజ్ చేయాలి, ఆలస్యంగా వచ్చినవాటికి వేరే కాలమ్ పెట్టాలి. ఇందులో నేను మారను.

వసుధ_డేటా
వేరే కాలమ్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు ప్రసాద్ గారూ, ఆ కాలమ్ కూడా మీటింగ్‌లో తెరమీద ఉండాలి. నింపే విషయంలో మాత్రం మనకి కుదరదనుకుంటా.

మౌనిక_ప్రొడక్ట్
రిపోర్టు రోజూ ఉదయం 5 గంటలకి నడిచి ఫ్రీజ్ అవుతోంది. ప్రస్తుతానికి మూడు ఫనెల్స్‌గా విడదీస్తున్నాం: కార్ట్ దారి 7 రోజుల విండోతో, మళ్లీ ఆర్డర్ దారి, క్యాష్ ఆన్ డెలివరీ దారి. ఆర్డర్లు మొత్తం కలిపితే 8,450 రావాలని అనలిస్టు షరతు పెట్టాడు. ఒక్క చోట ఆగిపోయాం. మళ్లీ ఆర్డర్ నొక్కి, క్యాష్ ఆన్ డెలివరీ ఎంచుకున్నవాళ్లు ఏ దారిలోకి వస్తారు?

ఇమ్రాన్_బ్యాకెండ్
దారిని ఎలా మొదలుపెట్టారన్నదాన్ని బట్టే పెట్టండి, పేమెంట్ రకాన్ని దాని లోపల విడదీయండి. లేకపోతే ఒకే మనిషి రెండు చోట్ల పడతాడు, మీ 8,450 మళ్లీ దాటిపోతుంది.