కన్వెక్సిటీని 4తో భాగించాలా? బాండ్ లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

మాది గుంటూరు. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో 10 ఏళ్ల ప్రభుత్వ బాండ్ కొందామనుకుంటున్నాం. కూపన్ 7%, ఆరు నెలలకోసారి వడ్డీ, ధర 100, ఈల్డ్ కూడా 7%. మధ్యలో అమ్మాల్సి వస్తే, అప్పటికి రేట్లు పెరిగి ఉంటే ఎంత పోతుందోనని ఆయనకు టెన్షన్, అందుకే కొన్న వెంటనే ఈల్డ్ 8% అయిపోతే ఏంటని లెక్క వేశాను.

మోడిఫైడ్ డ్యురేషన్ అర్ధసంవత్సరాల్లో 14.21, 2తో భాగిస్తే 7.11, అంటే రూ.7.11 నష్టం. కన్వెక్సిటీ మాత్రం 257 వచ్చింది. దాన్నలాగే ½ × 257 × 0.01² × 100లో పెడితే రూ.1.29 తిరిగి కలిసి నష్టం 5.82కి తగ్గుతోంది. కానీ 20 చెల్లింపులనూ 8% దగ్గర డిస్కౌంట్ చేస్తే ధర 93.20, నష్టం 6.80! 257ని 4తో భాగించి 64.3 వాడితే 6.79 వస్తోంది, దాదాపు సరిపోయింది.

డ్యురేషన్‌కి 2 అయినప్పుడు దీనికి 4 ఎందుకు, కాలం వర్గంలో ఉండటం వల్లేనా? మిగిలిన ఆ పైసా తేడా ఎక్కడిదో కూడా చెప్పండి ప్లీజ్.